నవల నుంచి సినిమా దాకా – 4వ పాఠం: ఒక పాత్ర పని ఇంకో పాత్రకు

పోయిన పాఠంలో నవలలోని ఒక్కో పాత్ర పేరు రాసి, ఎదురుగా ఆ పాత్ర కథలో చేసే పని రాశాం కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈసారి దానికి ఇంకో రెండు గడులు కలుపుతాం: ఆ పని ఎందుకు చేసింది, ఆ పని వల్ల ముందు ముందు ఏ సీను నిలబడుతుంది. సినిమా వాళ్లు పాత్రను తీసేసినప్పుడు మొదటి గడిని దాదాపు ఎప్పుడూ కాపాడుకుంటారు, ఎందుకంటే అది పోతే కథే ఆగిపోతుంది. పోయేది ఎక్కువగా మిగతా రెండు గడుల్లోనే.

ఉదాహరణకి ‘హ్యారీ పాటర్ అండ్ ద గోబ్లెట్ ఆఫ్ ఫైర్’ తీసుకుందాం. నవల 2000లో వచ్చింది, బ్రిటిష్ ఎడిషన్ 636 పేజీలు. 2005లో వచ్చిన సినిమా 157 నిమిషాలు, స్క్రీన్‌ప్లే స్టీవ్ క్లోవ్స్‌ది. అంత పుస్తకం ఇంత సినిమాలో పట్టాలంటే కోతలు తప్పవు, అందులో తప్పు పట్టేదేమీ లేదు.

మంత్రవిద్యల బడి హాగ్వార్ట్స్‌లో చదివే హ్యారీ ఈ కథలో వరసగా ప్రమాదకరమైన పోటీల్లో పాల్గొంటాడు. రెండో పోటీలో అతను చెరువు అడుగున గంటసేపు ఉండాలి, ఊపిరి ఎలా పీల్చుకోవాలో తెలీదు. నవలలో రాత్రంతా లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి అక్కడే నిద్రపోతాడు, పోటీకి పది నిమిషాల ముందు డాబీ వచ్చి లేపి, గిల్లీవీడ్ అనే మొక్కను చేతిలో పెడతాడు. డాబీ ఒక ఎల్ఫ్, అంటే మాయలు తెలిసిన పొట్టి జీవి, ఒకప్పుడు ఒక ఇంట్లో బానిస, అతన్ని విడిపించింది హ్యారీయే. సినిమాలో ఈ నాలుగో భాగంలో డాబీ లేడు. మొక్క ఇచ్చేది హ్యారీ తోటి విద్యార్థి నెవిల్.

ఇప్పుడు గడులు నింపండి. పని: మొక్క ఇవ్వడం. అది చక్కగా నెవిల్‌కి మారింది, నిజానికి బాగానే అతికింది కూడా, ఎందుకంటే మొక్కల పాఠంలో నెవిల్ దిట్ట.

కారణం దగ్గరికి రండి. రెండింటిలోనూ దీని వెనక ఉన్నది మూడీ అనే మాస్టారి వేషం వేసుకుని, హ్యారీని పోటీలో గెలిపించాలని చూస్తున్న దొంగ మాస్టారే. నెవిల్‌కి మొక్కల పుస్తకం ఇచ్చింది అతనే. కానీ నవలలో ఆ ఎత్తు ఫలించదు. పుస్తకం నెవిల్ దగ్గరే ఉంది, హ్యారీ ఒక్క మాట అడిగితే చెప్పేవాడు, అయినా అడగలేదు. అందుకే దొంగ మాస్టారు డాబీ వినేలా స్టాఫ్‌రూమ్‌లో ఆ మొక్క గురించి మాట్లాడాల్సి వచ్చింది. చివర్లో అతనే హ్యారీతో ఆ మాట అంటాడు, నీ పొగరూ నీ స్వతంత్రం మొత్తం చెడగొట్టేవే అని. సినిమాలో పుస్తకం ఎత్తు మొదటిసారే పని చేసేసింది, కాబట్టి ఎవర్నీ సాయం అడగని హ్యారీ గుణం మీద వేలు పెట్టి చూపించే ఆ మాటకి చోటే లేకుండా పోయింది. నాకైతే ఈ కోతలో అన్నిటికంటే బాధనిపించేది ఇదే, ఎందుకంటే చూసేవాళ్లకి ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు.

మూడో గడి. ఐదో నవలలో, అవసరమైనవాళ్లకే కనిపించే ఒక గది గురించి హ్యారీకి చెప్పేదీ డాబీయే, 2007 సినిమాలో అదీ నెవిల్‌కే వెళ్లింది. నవలల్లో డాబీ హాగ్వార్ట్స్ వంటింట్లో పని చేస్తాడు. వారానికి పది గాలియన్ల బంగారు నాణేలు జీతంగా ఇస్తానని హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ అంటే, బేరమాడి ఒక్క గాలియన్‌కి తగ్గించుకుంటాడు, అదీ మనకి నవ్వూ జాలీ రెండూ తెప్పిస్తూ. మేజోళ్లంటే ప్రాణం. ఏడో నవలలో అతను చనిపోయినప్పుడు హ్యారీ మంత్రం వాడకుండా పారతో గొయ్యి తవ్వుతాడు, అతని స్నేహితుడు రాన్ తన మేజోళ్లు తీసి డాబీ కాళ్లకి తొడుగుతాడు. సినిమాల్లో డాబీ 2002లో కనిపించి మళ్లీ 2010లోనే వస్తాడు. ఆ సీను చూసి ఏడ్చినవాళ్లు చాలామందే ఉంటారు, కానీ చదివినవాళ్ల దగ్గర ఆ మేజోళ్ల వెనక కొన్నేళ్ల స్నేహం ఉంది.

ఇలా ఒక పాత్ర పనిని ఇంకో పాత్రలో కలపడం ఎక్కడ చెడిందో పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. సినిమా చూస్తూ ‘ఇది ఎలా జరిగింది?’ అనిపించి, జవాబు దొరకని చోట ఆగండి. అక్కడ ఏదో ఒక పాత్రను తీసేసి ఉండొచ్చు. అభ్యాసం కూడా దీని మీదే. నవలలో డంబుల్‌డోర్ దగ్గరున్న పెన్సీవ్‌లో, అంటే పాత జ్ఞాపకాలు చూపించే పాత్రలో, హ్యారీ వేర్వేరు రోజుల విచారణలు చూస్తాడు. ఒకదాంట్లో కార్కరాఫ్ అనే ఖైదీ తనవాళ్ల పేర్లు చెప్తాడు, ఇంకోదాంట్లో విచారణ జరిపే అధికారి క్రౌచ్ సొంత కొడుకునే జైలుకి పంపుతుంటే పక్కన తల్లి ఏడుస్తుంటుంది. సినిమా వీటిని ఒకే విచారణ చేసి, కొడుకు పేరు కార్కరాఫ్ నోటే చెప్పించింది, తల్లి లేదు. మూడీ వేషంలో ఉన్న దొంగ మాస్టారు ఈ కొడుకే. నవలలో అతను జైలు నుంచి బయటపడింది, చావుకి దగ్గరైన ఆ తల్లి రూపం మార్చుకుని అతని బదులు లోపల ఉండిపోవడం వల్లే. ‘తల్లి’ అని రాసి మూడు గడులూ నింపండి. తర్వాత, తల్లిని తెర మీదకి తేకుండానే మూడో గడిని కాపాడే ఒక్క డైలాగ్ క్రౌచ్‌కి రాయండి, రెండు వాక్యాలు దాటకుండా. వచ్చే పాఠం ఆ డైలాగ్‌తోనే మొదలుపెడదాం.