ఫొటోలో మామిడికాయలు లెక్కపెట్టాను

మా అమ్మమ్మ విజయవాడ వన్ టౌన్‌లో పళ్ళు అమ్ముతుంది. మొన్న ఒకాయన బంగినపల్లి తొమ్మిది డజన్లు తీసుకెళ్ళారు. డజను 240 రూపాయలు. సాయంత్రం వచ్చి, "ఎనిమిది డజన్లే ఉన్నాయమ్మా, 1920 ఇస్తా" అన్నారు. అమ్మమ్మ 2160 అంది. గొంతులు పెరిగాయి. నాకు టెన్షన్ పట్టుకుంది.

అదృష్టం, బుట్టలకెత్తే ముందు పట్టా మీద ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచిన కాయలన్నిటికీ నేను పైనుంచి ఫొటో తీశాను. బుట్టలో తీసి ఉంటే కింది వరస కనిపించేది కాదు, అది పనికొచ్చేదే కాదు.

ఊరికే చూసి లెక్కపెడితే మొదట 103 వచ్చింది, మళ్ళీ 106. ఎక్కడ ఆపానో మర్చిపోతున్నాను. అప్పుడు ఫొటో ఎడిట్‌లో పెన్‌తో నిలువు గీతలు గీసి ఆరు భాగాలు చేశాను. గీత మీద పడ్డ కాయని ఎడమ భాగంలోనే కలిపాను. లెక్కపెట్టిన ప్రతి కాయ మీదా ఎర్ర చుక్క. అంచుల్లో సగమే కనిపించే కాయలే ఇందాక తప్పిపోయాయని అప్పుడు తెలిసింది. 18, 19, 17, 18, 18, 17. మొత్తం 107.

ఆయన కూడా చుక్కలు ఒక్కొక్కటీ చూసుకున్నారు. ఇంటికి ఫోన్ చేస్తే, వాళ్ళమ్మాయి పక్కింటికి ఒక సంచీ ఇచ్చిందట. అమ్మమ్మ మాత్రం ఒక కాయ తగ్గిందని 20 రూపాయలు తీసేసి 2140 తీసుకుంది.