పని ఉత్తరాలు, పాఠం 6: పెళ్లి బృందానికి హోటల్ పంపే ముందస్తు ఈమెయిల్

పోయిన పాఠంలో రూమింగ్ లిస్ట్, అంటే ఏ గదిలో ఎవరుంటారో చెప్పే జాబితా, తయారు చేశాం. ఈసారి ఆ గదులు తీసుకున్న పెళ్లి వాళ్లకు, వాళ్లు రాకముందే పంపాల్సిన ఈమెయిల్ రాద్దాం. ఒకే ఉదాహరణతో మొత్తం నడుద్దాం. పెళ్లి డిసెంబర్ 20 శనివారం, సాయంత్రం 4 గంటలకు. 30 గదుల బ్లాక్. అందులో 18 గదుల వాళ్లు శుక్రవారమే వస్తారు, మిగతా 12 గదుల వాళ్లు పెళ్లి రోజు పొద్దున దిగుతారు. చెక్-ఇన్ మధ్యాహ్నం 3కి, చెక్-అవుట్ 11కి.

ముందు గదుల బ్లాక్ సంగతి. బ్లాక్ అంటే గదులు బుక్ అయిపోయాయని కాదు, ఒక తేదీ వరకు వేరేవాళ్లకు ఇవ్వకుండా పక్కన పెట్టామని. చాలామంది అతిథులకు ఈ తేడా తెలియదు. అందుకే ‘కటాఫ్ తేదీ నవంబర్ 19’ అని రాసి ఊరుకోకూడదు. ఆ రోజు దాటితే ఏమవుతుందో కూడా రాయాలి:

“మీ కోసం ఉంచిన 30 గదుల్లో ఇప్పటికి 21 బుక్ అయ్యాయి. మిగిలిన 9 గదులను నవంబర్ 19 సాయంత్రం 6 వరకు ఉంచుతాం. ఆ తర్వాత అవి మామూలు అమ్మకానికి వెళ్తాయి. అప్పుడు గది దొరికినా ఈ రేటు ఉండకపోవచ్చు.”

ఈ మెయిల్ కటాఫ్‌కు రెండు వారాల ముందు, అంటే నవంబర్ 5న వెళ్లాలి. ఆఖరి మూడు రోజుల్లో పంపితే బంధువులందరికీ ఫోన్లు చేసేంత టైం వాళ్లకు ఉండదు.

ఇక అసలు గొడవంతా చెక్-ఇన్ దగ్గరే. పెళ్లి రోజు వచ్చేవాళ్లకు 3 గంటలకు తాళం చేతికొస్తే, 4కి ముహూర్తమో వేడుకో మొదలవుతుంది. తయారవడానికి గంట కూడా మిగలదు. ‘ముందుగా రావొచ్చా?’ అని అడిగితే చాలా హోటళ్లు ‘గది ఖాళీని బట్టి’ అని రాస్తాయి. ఆ మాట రాసినవాళ్లకు రక్షణే కానీ, చదివినవాళ్లకు ఏమీ చెప్పదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే రాశాను. ‘సరేనన్నారు’ అనుకొని జనం పొద్దున 10కే వచ్చేశారు. పట్టుబట్టలు చేతుల మీద వేసుకుని, పసిపిల్లలతో లాబీలో నిలబడ్డ ఆ తల్లులు నాకు ఇప్పటికీ గుర్తే.

లెక్క వేసి చూడండి. ముందు రాత్రి హోటల్ నిండి ఉంటే ఆ 12 గదులు 11కి గానీ ఖాళీ కావు. ఒక్కో గది శుభ్రం చేయడానికి 40 నిమిషాలు అనుకుందాం. ముగ్గురు సిబ్బంది తలా నాలుగు గదులు చేస్తే 1:40 అవుతుంది. అది కూడా వాళ్లకు వేరే గదులు లేకపోతేనే. కాబట్టి పొద్దున గది కచ్చితంగా కావాలంటే దారి ఒక్కటే, ఆ గదిని శుక్రవారం రాత్రి నుంచే తీసుకోవడం. పన్నెండూ అలా తీసుకోనక్కర్లేదు, రెండు చాలు. అందరూ వంతులవారీగా అక్కడ తయారవుతారు.

“శనివారం వచ్చేవారికి గదులు మధ్యాహ్నం 3కి ఇస్తాం. అంతకుముందు ఇస్తామని మాట ఇవ్వలేం. సామాన్లు పొద్దున 9 నుంచి మా దగ్గర పెట్టుకోవచ్చు. తయారవడానికి రెండు గదులు శుక్రవారం రాత్రి నుంచే తీసుకోమని మా సలహా. వాటికి అదనంగా ఒక రాత్రి అద్దె పడుతుంది. కావాలంటే నవంబర్ 12లోగా చెప్పండి.”

ఏది ఇస్తామో, ఏది ఇవ్వలేమో, దానికి బదులు ఏం చేయొచ్చో, అన్నీ వచ్చాయి చూశారా? పెళ్లికూతురి అలంకరణ పొద్దునే మొదలవుతుంది కాబట్టి ఆమె గది శుక్రవారం జాబితాలోనే ఉందో లేదో మెయిల్ పంపేముందు మీరే చూసుకోండి.

డబ్బు విషయంలో వాయిదాల క్రమం కటాఫ్‌ను అనుసరించాలి. ఒప్పందం నాడు 25 శాతం వచ్చేసింది. తర్వాతి 50 శాతం నవంబర్ 22న అడగండి. అప్పటికి గదుల సంఖ్య తేలిపోతుంది, తర్వాత లెక్క తిరగరాసే పని తప్పుతుంది. మిగిలిన 25 శాతం డిసెంబర్ 12కి. ప్రతి తేదీ పక్కనా మొత్తం ఎంతో అంకెల్లో రాయండి, శాతం ఒక్కటే రాస్తే ప్రతి ఒక్కరూ ఒక్కో లెక్క వేస్తారు. ఎవరి ఖర్చు ఎవరిదో కూడా అక్కడే తేల్చాలి:

“గది అద్దె మీ మొత్తం బిల్లులోకి వస్తుంది. గదికి తెప్పించుకున్న భోజనం, లాండ్రీ అతిథులే చెల్లిస్తారు. అందుకోసం చెక్-ఇన్‌లో వారి కార్డు మీద కొంత మొత్తం హోల్డ్ చేస్తాం, అంటే తాత్కాలికంగా ఆపి ఉంచుతాం.”

ఈ హోల్డ్ సంగతి ముందే చెప్పకపోతే, ‘అంతా పెళ్లివాళ్లే కడతారన్నారే’ అని కౌంటర్ దగ్గర అతిథి నొచ్చుకుంటారు.

ఒక జాగ్రత్త. వాయిదాల భాగం ఒప్పందం మీద సంతకం చేసినవారికి మాత్రమే వెళ్లాలి. అతిథులకు పంపుకోవడానికి గదులు, వేళలు, కార్డు హోల్డ్ ఉన్న చిన్న మెయిల్ విడిగా రాసివ్వండి. ఒకే మెయిల్ పంపితే అది కుటుంబం గ్రూపులోకి చేరి, ఎవరు ఎంత కడుతున్నారో ఊరందరికీ తెలిసిపోతుంది.

అభ్యాసం: ఇదే పెళ్లి పొద్దున 10 గంటలకు అనుకోండి. చెక్-ఇన్ పేరా మళ్లీ రాయండి. శనివారం దిగాల్సిన ఆ 12 గదుల్లో ఎన్ని శుక్రవారానికి మారాలో, ఆ మార్పు వల్ల రెండో వాయిదా ఎలా మారుతుందో కూడా అందులో ఉండాలి. వచ్చే పాఠం దాని జవాబుతోనే మొదలుపెడదాం.