ఊరి కాలేజీ డిగ్రీ బయటివారికి అర్థమయ్యేలా రెజ్యూమెలో ఎలా రాయాలి?

నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి రెజ్యూమె ఈ మధ్య నా చేతికి వచ్చింది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మీడియంలో పదో తరగతి, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇంటర్, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ పూర్తి చేసింది. బెంగళూరులో ఉన్న ఒక జర్మన్ కంపెనీలో డేటా అనలిస్టు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటోంది. చదువుల భాగంలో ఆమె రాసుకున్నది ఇంతే:

```
B.Sc (MPCs) - GDC - 8.1 - 2021
Inter (MPC) - GJC - 912 - 2018
SSC - ZPHS - 9.2 - 2016
```

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మన జిల్లాల్లో ఎవరికి చూపించినా క్షణంలో అర్థమవుతుంది. కానీ పుణేలో కూర్చున్న రిక్రూటరుకు జీడీసీ అంటే ఏమిటో తెలియదు, ఎంపీసీ అన్నది సబ్జెక్టుల గ్రూపు అని తెలియదు, 912 అన్నది వెయ్యికి అని తెలియదు. మ్యూనిక్‌లో ఉన్నవారికైతే ఈ మూడింటిలో ఏది డిగ్రీయో కూడా తెలియకపోవచ్చు. లోపం ఆమె చదువులో లేదు, రాసిన తీరులో ఉంది. దాన్ని సరిచేయడానికి ఒకే సూత్రం పాటించాము: సర్టిఫికెట్ మీద అచ్చయిన మాటను మార్చకుండా అలాగే ఉంచాలి, రాష్ట్రం దాటితే అర్థం కాని ప్రతి మాట పక్కన దాని అర్థం చేర్చాలి.

ముందుగా మెమోలన్నీ ముందు పెట్టుకోండి

రెజ్యూమె జ్ఞాపకం మీద రాయకండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజినల్ లేదా ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్ బల్ల మీద పరచుకుని, ప్రతిదాని పైభాగంలో సంస్థ పేరు ఏమని ఉందో అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద ఎక్కించుకోండి. ఉద్యోగం వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే సంస్థ మీరు రాసినదాన్ని ఆ కాగితంతోనే పోల్చి చూస్తుంది.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేర్లు మారడం. 2014 మార్చిలో కరీంనగర్‌లో ఇంటర్ పరీక్ష రాసినవారి మెమో మీద ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు పేరే ఉంటుంది, ఎందుకంటే తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది ఆ ఏడాది జూన్ 2న. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉన్న ఎన్టీఆర్ పేరు 2022లో వైఎస్సార్ పేరుగా మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. ఇటువంటి సందర్భంలో సర్టిఫికెట్ మీద ఉన్న పేరు ముందు రాసి, ఇప్పటి పేరు ఫలానా అని దాని పక్కన చేర్చాలి. కొత్త పేరు ఒక్కటే రాస్తే కాగితానికి, రెజ్యూమెకు పొంతన కుదరదు.

డిగ్రీ ఇచ్చింది ఎవరో మొదట రాయండి

అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు ఇదే. అనుబంధ కళాశాల డిగ్రీ ఇవ్వదు. అది పాఠాలు చెబుతుంది, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. మన విద్యార్థులు అలవాటుగా కళాశాల పేరు పెద్దక్షరాల్లో రాసి, విశ్వవిద్యాలయాన్ని వదిలేస్తారు లేదా ఎక్కడో మూలన పెడతారు. చదివేవారు కళాశాల పేరుతో వెతికితే ఏమీ దొరకదు, లేదా అదే పేరున్న మరో ఊరి కళాశాల దొరుకుతుంది. ప్రభుత్వ డిగ్రీ కళాశాల అన్న పేరుతో మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఊళ్లలో కళాశాలలు ఉన్నాయో మీకు తెలుసు.

ఆ అమ్మాయి పట్టా ఇచ్చింది మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం. అది 2008లో ఏర్పడిన రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం. కాబట్టి ఆ పేరు మొదటి వరుసలోకి వచ్చింది, పక్కనే ఊరు, దేశం, ప్రభుత్వ విశ్వవిద్యాలయమన్న మాట చేరాయి. కళాశాల పేరు దాని కింద, అనుబంధ కళాశాల అన్న వివరంతో నిలిచింది. కళాశాలను దాచవలసిన అవసరమేమీ లేదు. దాచితే విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే చదివినట్టు అర్థం వస్తుంది, అది తప్పుదోవ పట్టించడమే అవుతుంది.

మీది అటానమస్ కళాశాల అయినా ఈ నియమం మారదు. పరీక్షలు కళాశాలే పెట్టుకుంటుంది, పట్టా మాత్రం మాతృ విశ్వవిద్యాలయం పేరుతోనే వస్తుంది. డీమ్డ్ విశ్వవిద్యాలయాలు వేరు; అవి తమ పట్టా తామే ఇస్తాయి.

న్యాక్ గ్రేడు రాయాలా అని చాలామంది అడుగుతారు. దేశంలోని కంపెనీలకు పంపేటప్పుడు మీరు చదివిన ఏళ్లలో అమల్లో ఉన్న గ్రేడును ఒక్క మాటలో చేర్చవచ్చు. విదేశాలకు పంపేటప్పుడు అది వారికి ఏమీ చెప్పదు, ఆ చోటును మీరు నేర్చుకున్న విషయాలకు వాడుకోవడం మంచిది.

ఇంటర్, ఎంపీసీ అన్న మాటలను విప్పి రాయండి

ఇంటర్మీడియట్ అన్న ఆంగ్ల పదానికి బయట మధ్యస్థాయి అనే అర్థం. అది పన్నెండో తరగతితో ముగిసే రెండేళ్ల చదువని వారు ఊహించలేరు. అందుకని ఇంటర్మీడియట్ అన్న మాటను ఉంచి, పక్కన పన్నెండో తరగతి అని చేర్చండి. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ వంటి పొట్టి పేర్ల బదులు సబ్జెక్టులు పూర్తిగా రాయండి. డిగ్రీలో ఎంపీసీఎస్ అన్నదీ అంతే: గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ అని విప్పితే, ఆ డేటా అనలిస్టు ఉద్యోగానికి కావలసిన రెండు సబ్జెక్టులు ఆ అమ్మాయి డిగ్రీలో ఉన్నాయని వెంటనే కనిపిస్తుంది. పొట్టి పేరు వెనుక ఇంతకాలం దాగి ఉన్నది అదే.

మార్పుల తరువాత ఆమె చదువుల భాగం ఇలా తయారైంది:

```
Bachelor of Science, 3-year degree, 2018-2021
Mathematics, Physics, Computer Science
Palamuru University, Mahabubnagar, India; public university
Studied at Government Degree College, affiliated college
CGPA 8.1 out of 10

Intermediate, Grade 12, 2018
Mathematics, Physics, Chemistry; 912 out of 1000
Telangana State Board of Intermediate Education
```

నిజమైన రెజ్యూమెలో కళాశాల పేరు పక్కన ఊరి పేరు కూడా ఉండాలి. పైన చూపింది విదేశాలకు పంపే ప్రతి, అందులో పదో తరగతిని పూర్తిగా వదిలేశాము. దేశంలోని కంపెనీల ఫారాలు సాధారణంగా దాన్నీ అడుగుతాయి కాబట్టి, అక్కడికి పంపే ప్రతిలో ఒక వరుస ఉంచాము.

మార్కులు మీరే మార్చకండి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మన దగ్గర 60 శాతం దాటితే ఫస్ట్ క్లాస్. అమెరికాలో వాడుకలో ఉన్న పద్ధతిలో 60 నుంచి 69 వరకు డి గ్రేడు, అంటే అట్టడుగుకు దగ్గర. బ్రిటన్‌లో ఫస్ట్ క్లాస్ 70 దగ్గర మొదలవుతుంది. కాబట్టి 66 శాతం అని ఒంటరిగా రాస్తే అమెరికాలో బలహీన విద్యార్థిగా కనిపిస్తారు. ఫస్ట్ క్లాస్ అని ఒంటరిగా రాస్తే బ్రిటన్‌లో ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పినట్టవుతుంది. అంకె, క్లాసు రెండూ కలిపి రాసి, ఆ క్లాసు ఎంత నుంచి మొదలవుతుందో కూడా చెప్పడమే సరైన దారి. ఉదాహరణకు 66 శాతం, ఫస్ట్ క్లాస్, ఫస్ట్ క్లాస్ కనీస మార్కు 60 అని ఆంగ్లంలో ఒక వరుస చాలు.

సీజీపీఏ వచ్చినవారు పదికి ఎంత అని తప్పకుండా రాయాలి, ఎందుకంటే అమెరికాలో కొలత నాలుగుకు. అలాగని 8.1ని మీరే నాలుగు మీదికి లెక్కగట్టి 3.24 అని రాయకూడదు. అలా సరళంగా భాగించి తెచ్చిన అంకెకు మీ మెమో మీద ఆధారం ఉండదు. శాతం అడిగిన ఫారంలో సీజీపీఏను పదితో హెచ్చించి పెట్టేయడం కూడా ప్రమాదమే. జేఎన్టీయూ హైదరాబాద్ బీటెక్ ఆర్18 నిబంధనల్లో సూత్రం ఇది:

```
Percentage = (CGPA - 0.5) x 10
```

దీని ప్రకారం 8.1 సీజీపీఏ 76 శాతం అవుతుంది. ఆ బీటెక్ చదివినవారు 81 అని నింపితే, వెరిఫికేషన్‌లో ఐదు శాతం ఎక్కువ చూపించినట్టు తేలుతుంది. పొరపాటున రాసిన అంకె అయినా ఫైలులో అది తప్పుడు సమాచారంగానే నమోదవుతుంది. అన్ని విశ్వవిద్యాలయాల సూత్రం ఒకటి కాదు, ఒకే విశ్వవిద్యాలయంలో కూడా రెగ్యులేషన్‌ను బట్టి మారవచ్చు. మీ మెమో వెనుక వైపు, లేకపోతే మీ బ్యాచ్ నిబంధనల పుస్తకంలో చూసుకోండి.

మూడేళ్ల డిగ్రీ అని దాచకుండా చెప్పండి

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ సాధారణంగా నాలుగేళ్లు. బీఎస్సీ, బీకాం చదివినవారు దాన్ని అమెరికన్ డిగ్రీకి సమానమని సొంతంగా రాసుకోకూడదు. ఆ మాట చెప్పే అధికారం మూల్యాంకన సంస్థలది. అమెరికా, కెనడాలకు వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్, అంటే వెస్, వంటి సంస్థలు నివేదిక ఇస్తాయి. ఆ నివేదిక చేతిలో ఉంటే దానిలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. జర్మనీకి సంబంధించి `anabin` అనే ఉచిత డేటాబేస్ ఉంది. అందులో భారతదేశాన్ని ఎంచుకుని, మొదట పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరుతో వెతకండి. పక్కన `H+` అని ఉంటే ఆ సంస్థకు అక్కడ గుర్తింపు ఉన్నట్టు. అయితే సంస్థకు గుర్తింపు ఉండటం వేరు, మీ డిగ్రీని ఏ స్థాయిగా లెక్కిస్తారన్నది వేరు. రెండూ విడివిడిగా చూసుకోవాలి.

తెలుగు మీడియం గురించి

రెజ్యూమెలో బోధనా మాధ్యమం రాయాలన్న నియమం లేదు, ఎవరూ అడగనప్పుడు రాయనవసరమూ లేదు. అడిగినప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రిక్రూటరు నిజంగా తెలుసుకోవాలనుకునేది మీరు ఆంగ్లంలో పని చేయగలరా అన్నదే. దానికి జవాబు చదువుల భాగంలో కాదు, భాషల వరుసలో ఇవ్వండి: తెలుగు మాతృభాష, ఆంగ్లం ఫలానా స్థాయి, పరీక్ష రాసి ఉంటే ఆ స్కోరు, తేదీ. ఆ అమ్మాయి పదో తరగతి వరకు తెలుగులో చదివి, డిగ్రీ ఆంగ్ల మాధ్యమంలో చేసింది. విదేశీ విశ్వవిద్యాలయాలు అడిగే మీడియం సర్టిఫికెట్ డిగ్రీ వరకే అయినా చాలాచోట్ల సరిపోతుంది కాబట్టి, కళాశాల ప్రిన్సిపాల్ సంతకంతో అది ముందే తీసుకుని పెట్టుకోమని చెప్పాను. డిగ్రీ కూడా తెలుగు మాధ్యమంలో చేసినవారు ఆ సర్టిఫికెట్ కోసం ప్రయత్నించకుండా ఆంగ్ల పరీక్ష రాయడమే నేరు దారి.

చివరగా ఆన్‌లైన్ ఫారం

కంపెనీల ఫారంలో `School or University` అన్న చోట జాబితాలో విశ్వవిద్యాలయం పేరు వెతికి ఎంచుకోండి, లేకపోతే `Other` నొక్కి సర్టిఫికెట్ మీది పేరు టైపు చేయండి. ఇంటర్‌కు `High School` స్థాయి ఎంచుకోవాలి. రెండేళ్ల చదువు కదా అని కొందరు `Associate Degree` నొక్కుతారు. అది పన్నెండో తరగతి తరువాత కళాశాలలో చేసే చదువు, మన ఇంటర్ కాదు. ఫారం పంపేముందు అందులోని సంస్థ పేరు, ఏడాది, మార్కులు రెజ్యూమెతో, రెజ్యూమె మెమోలతో వేలు పెట్టి సరిచూడండి. ఆ అమ్మాయి ఫారంలో అలా చూసినప్పుడే ఒక తప్పు దొరికింది: డిగ్రీ పూర్తయిన ఏడాది గడిలో, మెమో మీద ఉన్న 2021 బదులు, ప్రొవిజినల్ చేతికి అందిన 2022 వేసింది.