గుడ్లు పెట్టేముందు సెన్సర్ వైరు పీకి చూడండి

మొన్న చంద్రగిరి దగ్గర తెలిసినవాళ్ల ఇంట్లో ఒక బ్యాచ్ నాటుకోడి గుడ్లు మొత్తం ఇంక్యుబేటర్ పెట్టెలోనే ఉడికిపోయాయి. కరెంటు పోలేదు. అలారం కూడా పెట్టుకున్నారు, అది మోగలేదు. ఎండలు ముదిరేలోపు సొంతంగా ఇంక్యుబేటర్ కంట్రోలర్ చేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 37.5 డిగ్రీలు ఉంచాలి, 18వ రోజు తిప్పడం ఆపి తేమ పెంచాలి లాంటివి మీకు తెలిసినవే.

జరిగింది ఏమిటంటే, ట్రే తిరిగినప్పుడల్లా దాని అంచు DS18B20 సెన్సర్ వైరును కొంచెం కొంచెంగా లాగుతూ వచ్చింది. ఒక రాత్రి వైరు ఊడింది. సెన్సర్ దొరకకపోతే ఆర్డుయినోలో అందరూ వాడే లైబ్రరీ -127 అని చెబుతుంది. 37.5 కన్నా తక్కువే కదా అని కోడ్ హీటర్ వేసింది, ఇక ఆపలేదు. అలారం 38.5 దాటితేనే మోగాలి. -127 ఎప్పటికీ దాటదు. తెల్లారి చూస్తే తెరమీద -127 అలాగే ఉంది, గుడ్లు పట్టుకుంటే చెయ్యి కాలింది.

నేను చూసిన నష్టాలన్నిటికీ మూలం ఈ ఒక్క తప్పే: వేడిని నడిపే సెన్సర్‌నే కాపలా కూడా కాయమనడం. అది చెడితే రెండూ ఒకేసారి పోతాయి.

ముందు కోడ్‌లో, హీటర్ లెక్క మొదలయ్యేలోపే ఇది ఉండాలి:

```
if (isnan(t) || t < 10 || t > 45) {
  digitalWrite(HEATER, LOW);
  digitalWrite(ALARM, HIGH);
  return;
}
```

మీ రిలే బోర్డు LOW ఇస్తే ఆన్ అయ్యే రకమైతే HEATER దగ్గర HIGH రాయండి.

కానీ రిలే కాంటాక్టులు అతుక్కుపోతే కోడ్ ఎంత మొత్తుకున్నా హీటర్ ఆగదు. అందుకే సొంత సెన్సర్ ఉన్న చిన్న థర్మోస్టాట్ బోర్డు ఇంకోటి కొని, 38.5 దగ్గర కట్ అయ్యేలా పెట్టి, హీటర్ లైనులో సిరీస్‌లో కలపండి. కాపలా వేరే ఉండాలి.

కరెంటు పోయినప్పుడూ అంతే. అడాప్టర్ మీద నడిచే బజర్ కరెంటుతోపాటే ఆగిపోతుంది. 230 వోల్టుల కాయిల్ ఉన్న రిలే ఒకటి తీసుకుని, కరెంటు పోగానే కలిసే కాంటాక్టు మీదుగా బ్యాటరీ బజర్ పెట్టండి.

ఇక మిగిలినవి:

- సెన్సర్ వైరును ట్రే తగలని గోడకు క్లిప్పు వేసి బిగించండి. సెన్సర్ మాత్రం గుడ్ల ఎత్తులోనే ఉండాలి.
- తిప్పే మోటారుకు టైమర్ ఒక్కటే చాలదు. ట్రే చివరిదాకా వెళ్లి లిమిట్ స్విచ్ నొక్కకపోతే అలారం మోగాలి.
- నీళ్ల గిన్నె పైన వైర్లు పోనివ్వకండి.
- మే నెలలో తిరుపతిలో గదే 40 దాటుతుంది. హీటర్ ఆపినా పెట్టె చల్లబడదు. రేకుల షెడ్డులో పెట్టకండి.
- ప్లగ్ తీయకుండా లోపల చెయ్యి పెట్టకండి.
- ఖాళీ పెట్టెను రెండు రోజులు నడపండి. సెన్సర్ వైరు పీకండి. మెయిన్ ఆపండి. ప్లగ్ తీసి ట్రే కదలకుండా అడ్డు పెట్టి, మళ్లీ ప్లగ్ పెట్టండి. మూడుసార్లూ బజర్ మోగిందా? ఒక్కసారి మోగకపోయినా గుడ్లు పెట్టొద్దు.
- కాపలా సెన్సర్ వేరే ఉందా? మళ్లీ చూడండి.