ఉమ్మడి ఇంటి బాడుగ లెక్క – 4వ పాఠం: బాడుగ డబ్బు, జేబు డబ్బు, అడ్వాన్సు

ఈ పాఠంలో రిపేర్లకూ హంగులకూ తేడా చెబుతానన్నాను. అది వాయిదా. పోయిన పాఠం చివర, బాడుగలో నలుగురు వారసుల చేతికీ ఎంతెంత రావాలో తేల్చమని ఇచ్చిన కడప ఇంటి లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు కదలబుద్ధి కాలేదు. ఒకే ఇంటికి నాలుగు రకాల సమాధానాలు వచ్చాయి. కూడికల్లో ఎవరూ తప్పలేదు, తీసివేతల్లోనూ తప్పలేదు. ఏ డబ్బు ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే తడబడ్డారు. కాబట్టి ఈసారి ఆ లెక్కే మళ్ళీ.

ఇల్లు ఎర్రముక్కపల్లెలో. కింద ఒక పోర్షన్, మిద్దె మీద ఒకటి, రెండూ బాడుగకే. నాయన సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, వీలునామా రాయకుండా పోయాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అన్న, చెల్లెలు, తమ్ముడు నలుగురికీ సమాన వాటాలు. నాయనమ్మ బతికి ఉంటే ఆమెతో కలిపి ఐదు అయ్యేవి, ఇక్కడ లేదు. అన్న కడపలోనే ఉండి బాడుగ వసూలు చేస్తాడు. చెల్లెలు ప్రొద్దుటూరులో, తమ్ముడు బెంగళూరులో.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా లెక్క ఇది. మిద్దె మీద నెలకు 7,000 చొప్పున ఆరు నెలలు, 42,000. కింద నెలకు 8,000. జూన్ ఆఖరుకు పాతవాళ్ళు ఖాళీ చేశారు, జూలై తాళం, ఆగస్టు నుంచి కొత్తవాళ్ళు. అంటే ఐదు నెలలు, 40,000. మొత్తం 82,000 అన్న చేతికి వచ్చింది. అందులోంచే అన్న అరసంవత్సరం ఇంటిపన్ను 3,600, మోటరు రీవైండింగుకు 2,400 కట్టాడు. జూలైలో మిద్దె పైకప్పు కారుతుంటే పగుళ్ళు పూడ్చి వాటర్‌ప్రూఫింగ్ చేయించారు, 16,000. అప్పటికి అన్న దగ్గర డబ్బు సర్దుబాటు కాక తమ్ముడు తన జీతంలోంచి ఫోన్‌పేలో పంపాడు.

ఇక్కడే గొడవ మొదలైంది.

ముందు సరైన దారి. నేను లాంగ్ నోట్‌బుక్కులో పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమ వైపు ఇంటికి వచ్చింది, కుడి వైపు ఇంటికి అయింది రాస్తాను. ఎక్సెల్ వచ్చినవాళ్ళు అందులో చేసుకోండి, నాకు మాత్రం పేజీ కింద నలుగురి సంతకాలు కనపడాలి. కుడి వైపు ప్రతి ఖర్చు పక్కన ఒక అక్షరం వేస్తాను: బాడుగ డబ్బులోంచి కడితే 'బా', ఎవరైనా సొంతంగా పెడితే 'జే', పక్కనే వాళ్ళ పేరు. ఈ పేజీలో ఇంటిపన్ను బా, మోటరు బా, పైకప్పు జే – తమ్ముడు.

ఖర్చు ఎవరు పెట్టినా ఇంటి ఖర్చే. అందుకని లాభం తీసేటప్పుడు ఆ అక్షరాలు చూడొద్దు. 82,000 లోంచి మొత్తం ఖర్చు 22,000 తీస్తే 60,000. తలా 15,000. ఇది ఒక్కొక్కరికి న్యాయంగా మిగలాల్సింది. చేతికి ఇవ్వాల్సింది వేరే, దానికి అక్షరాలు కావాలి. జేబులోంచి పెట్టినవాళ్ళకు పెట్టింది పూర్తిగా కలపాలి. తమ్ముడికి 15,000కు 16,000 కలిపి 31,000. అమ్మకు 15,000, చెల్లెలికి 15,000, అన్న తన దగ్గర ఉంచుకునేది 15,000. కూడితే 76,000. అన్న దగ్గర నిజంగా ఉన్నది 82,000లో తను కట్టిన 6,000 పోగా 76,000. సరిపోయింది.

"పదహారు వేలు తమ్ముడే పెట్టాడు కదా, మేం ముగ్గురం పంచుకుని వాడికి ఇచ్చేస్తాం" అని చాలామంది రాశారు. అంటే ఉన్న 76,000ను నాలుగు చేసి తలా 19,000 తీసుకుని, తమ్ముడికి మిగతా ముగ్గురూ 5,333 చొప్పున ఇచ్చారు. వినడానికి మర్యాదగానే ఉంది. కానీ ఆ పైకప్పులో తమ్ముడికీ పావు వాటా ఉంది, వాడి పావు వాడే భరించాలి. ముగ్గురూ తలా 4,000 ఇస్తే చాలు. అప్పుడు వాడికి 31,000 వచ్చి పై లెక్కతో కలుస్తుంది. 

రెండో రకం ఇంకా చిత్రం. లాభం 60,000 అని సరిగ్గానే తీసి, తలా 15,000 పంచి, ఆ తర్వాత మళ్ళీ "పైకప్పుకు నీ వాటా 4,000 తే" అని అమ్మ దగ్గరా చెల్లెలి దగ్గరా వసూలు చేశారు. లాభంలో ఒకసారి తీసేసిన ఖర్చును మళ్ళీ జేబుల్లోంచి తీశారన్నమాట. అమ్మకు, చెల్లెలికి 11,000 మిగిలింది. తమ్ముడికి 27,000 వచ్చినా పెట్టిన 16,000 పోతే వాడికీ 11,000. మరి ఆ డబ్బు ఎటు పోయింది? అన్న దగ్గరే ఆగింది. తన 15,000లో 4,000 ఇచ్చినా, పంచకుండా మిగిలిన 16,000 ఆయన ఖాతాలోనే ఉంది. అన్న దొంగ కాదు, ఆయనకూ తెలియదు. ఏడాది తర్వాత చెల్లెలి భర్త బ్యాంకు స్టేట్‌మెంటు అడిగిన రోజు మాత్రం దొంగలాగే నిలబడాల్సి వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క పరీక్ష చాలు. ఒక్కొక్కరికి చేతికొచ్చిన దాంట్లోంచి వాళ్ళు జేబులోంచి పెట్టింది తీసెయ్యండి. నలుగురికీ అదే అంకె రావాలి. మొదటి రకంలో తమ్ముడికి 19,000, మిగతావాళ్ళకు 13,667. రెండో రకంలో ముగ్గురికి 11,000, అన్నకు 27,000. రెండూ అక్కడికక్కడే బయటపడతాయి. సంతకాలకు ముందు ఈ నాలుగు అంకెలు పేజీ అడుగున రాయండి.

అన్న తిరిగిన కష్టానికి ఏమీ లేదా అని అన్నలు అడిగారు. ముందుగా అనుకోకపోతే అడిగే హక్కు ఉందనుకోవద్దు. అనుకుంటే వసూలైన బాడుగలో ఐదు శాతం నాకు సబబుగా తోస్తుంది, ఇక్కడైతే 4,100. దాన్ని ఖర్చు వైపు రాయాలి, పంచేశాక చాటుగా కోయకూడదు. ఇంటిపన్ను ఆలస్యం చేసి వడ్డీ పడితే మాత్రం ఆ వడ్డీ వసూలు చేసేవాడి సొంతం. చేతిలో బాడుగ పెట్టుకుని కట్టకపోవడం ఇంటి ఖర్చు ఎట్లవుతుంది?

ఇక నాకు ఒళ్ళు మండించిన మూడో రకం. అడ్వాన్సు.

లెక్కలో ఒక మూల రాశాను: కింది పోర్షన్ పాతవాళ్ళకు అడ్వాన్సు 16,000 తిరిగి ఇచ్చారు, కొత్తవాళ్ళ దగ్గర 24,000 తీసుకున్నారు అని. సగానికి సగం మంది 24,000ను ఎడమ వైపు, 16,000ను కుడి వైపు వేసి 8,000 లాభం చూపించారు. తలా 2,000 పండగ. ఆ 8,000 ఎవరిది? కొత్తగా దిగినాయనది. ఆయన ఖాళీ చేసేనాడు 24,000 లెక్కపెట్టి చేతిలో పెట్టాలి. ఆరోజు తమ్ముడు "నాకిచ్చిన రెండు వేలా? ఎప్పుడో అయిపోయాయి" అంటాడు, చెల్లెలు ఫోనెత్తదు, ఇంటి ముందు సామాన్ల ఆటో ఆగి ఉంటుంది. కొత్తవాళ్ళ అడ్వాన్సు వస్తే ఇస్తాం అంటారు. వాళ్ళొచ్చేదాకా ఈయన కొత్త ఇంటికి ఏం కట్టాలి? నేను చూసిన ఉమ్మడి ఇళ్ళ తగాదాల్లో ఎక్కువ భాగం బాడుగ మీద కాదు, తినేసిన అడ్వాన్సు మీద.

అడ్వాన్సు నలుగురి నెత్తినా ఉన్న అప్పు. 24,000 అంటే తలా 6,000 బాకీ. నోట్‌బుక్కులో దానికి వేరే పేజీ, డబ్బుకు వేరే ఖాతా. ఈ ఇంట్లో అది అమ్మ పేరున ఉన్న సేవింగ్స్ ఖాతా. పాత 16,000 అందులోంచే వెళ్ళింది, కొత్త 24,000 అందులోకే వచ్చింది, మిద్దె మీద వాళ్ళ 14,000 ముందునుంచీ అక్కడే ఉంది. ఇప్పుడు నిల్వ 38,000. ఈ కదలికలేవీ బాడుగ పేజీని తాకలేదు. అందుకే పై లెక్కలో అడ్వాన్సు ఊసే రాలేదు, గమనించారా?

నాయన తీసుకున్న అడ్వాన్సు నాయనే ఖర్చు పెట్టేసి ఉంటే అని ఒకరు అడిగారు. అది ఆయన వదిలి వెళ్ళిన బాకీ, వారసులు నలుగురూ వాటా ప్రకారం కట్టాలి. వసూలు చేస్తున్నాడు కదా అని అన్న మీద తోసెయ్యడం కుదరదు.

అడ్వాన్సు బాడుగ పేజీలోకి దిగే సందర్భం ఒకటుంది. ఖాళీ చేసేవాళ్ళు ఒక నెల బాడుగ ఎగ్గొట్టినా, వాష్‌బేసిన్ పగలగొట్టినా, వాళ్ళు ఒప్పుకున్న మేరకు అడ్వాన్సులో కోసుకుంటాం. ఆ కోసిన ముక్క ఆరోజు ఇంటి రాబడి అవుతుంది. ఎడమ వైపు రాసి డబ్బును అడ్వాన్సు ఖాతాలోంచి అన్న ఖాతాకు మార్చాలి. కొత్త బేసిన్ ఖర్చు మామూలుగా కుడి వైపు.

ఆదాయపు పన్ను గురించి రెండు మాటలు. బాడుగ అంతా అన్న ఖాతాలో పడుతోందని అంతా అన్న ఆదాయం కాదు. వాటాలు తేటగా ఉన్నప్పుడు ఎవరి వాటా వాళ్ళ రిటర్నులో చూపాలి. కానీ మన పంపకం అంకె 15,000 అక్కడ పనికిరాదు. బాడుగ వాటా 20,500లో నిజంగా కట్టిన ఇంటిపన్ను వాటా 900 తీస్తే 19,600. దాంట్లో 30 శాతం, అంటే 5,880 చట్టమే తగ్గిస్తుంది. మిగిలేది 13,720. రిపేర్లకు ఎంత పెట్టినా ఆ 30 శాతంలోనే సర్దుకోవాలి, పైకప్పును విడిగా చూపడానికి లేదు.

అభ్యాసం. అదే ఇల్లు, అక్టోబరు నుంచి మార్చి. కింద ఆరు నెలలూ 8,000 వచ్చింది. మిద్దె మీద వాళ్ళు డిసెంబరు దాకా బాడుగ ఇచ్చి, జనవరిది ఎగ్గొట్టి, నెలాఖరుకు ఖాళీ చేశారు. కుళాయి విరిగింది, బాగుచేయడానికి 1,000. బాడుగ, కుళాయి రెండూ వాళ్ళ అడ్వాన్సులో కోసి మిగతాది ఇచ్చేశారు. ఫిబ్రవరి, మార్చి ఖాళీ. ఇంటిపన్ను 3,600, కుళాయి 1,000 బాడుగ డబ్బులోంచి అన్న కట్టాడు. మోటరు పూర్తిగా కాలిపోతే కొత్తదానికి 21,400 చెల్లెలు పెట్టింది. మిద్దె పోర్షన్‌కు సున్నం, రంగులకు 11,000 అమ్మ తన పెన్షన్‌లోంచి ఇచ్చింది. రెండు పేజీలూ రాయండి, నలుగురికీ చేతికి ఎంతో తేల్చండి, అడుగున పరీక్ష అంకెలు వేయండి. పంచే రోజుకు అన్న దగ్గర 72,400, అమ్మ ఖాతాలో అడ్వాన్సు 24,000 ఉండాలి. 64,400 వచ్చినవాళ్ళు అడ్వాన్సులో కోసింది అన్న ఖాతాకు మార్చడం మరిచారు. రంగులకు అన్న ఒప్పుకోలేదని అనుకుని కూడా ఒకసారి చేసి చూడండి. వచ్చే పాఠం అక్కడినుంచి మొదలుపెడతాను.