రోవర్ బృందం డ్యూటీ టైమ్ రోజురోజుకూ ఎంత జరుగుతుందో లెక్క వేయడం ఎలా?

పున్నమి నాడు మిర్యాలగూడలో మా డాబా ఎక్కితే పొద్దుగూకే వేళకే చందమామ కనిపిస్తుంది. మర్నాడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, ఆ మర్నాడు ఇంకా ఆలస్యం. అంగారకుడి మీద రోవర్‌ను నడిపేవాళ్ల డ్యూటీ కూడా ఇలాగే జరుగుతూ పోతుంది. ఎంత జరుగుతుందో నోట్‌బుక్‌లో మనమే తేల్చుకోవచ్చు.

ముందు డ్యూటీ దేన్ని బట్టి మొదలవుతుందో చూడాలి. రోవర్ పగలు పనిచేసి, అక్కడి సాయంత్రానికి ఫొటోలు, కొలతలు పంపి, రాత్రి పడుకుంటుంది. ఆ రాత్రిలోనే కాలిఫోర్నియాలోని నాసా కేంద్రం జేపీఎల్ బృందం వాటిని చూసి, మర్నాటి పనులు రాసి, అక్కడ తెల్లవారేసరికి పంపాలి. అంటే డ్యూటీకి గంట కొట్టేది అంగారకుడి సాయంత్రమే.

తర్వాత సరైన అంకె ఎంచుకోవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. అంగారకుడు తన చుట్టూ తాను తిరగడానికి 24 గంటల 37 నిమిషాల 22 సెకన్లు పడుతుంది. ఈలోగా సూర్యుడి చుట్టూ కూడా కొంత ముందుకు వెళ్తాడు కాబట్టి, మళ్లీ సూర్యుడు నడినెత్తికి రావాలంటే ఇంకో రెండు నిమిషాల పైచిలుకు తిరగాలి. అలా అక్కడి రోజు, అంటే ఒక సోల్, 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. మనకు కావలసింది ఇదే.

ఇక పట్టిక. మొదటి డ్యూటీ జూన్ 1 ఉదయం 8 గంటలకు అనుకుందాం. ఒక్కో సోల్‌కు 39 నిమిషాల 35 సెకన్లు కలుపుతూ పోండి. జూన్ 2న 8:39, జూన్ 3న 9:19. జూన్ 10కి మధ్యాహ్నం 1:56. జూన్ 19కి రాత్రి 7:52.

మా మేనకోడలు ఈ పట్టిక వేస్తూ ఒకచోట ఆగిపోయింది. "మామా, 26వ తారీఖు ఏదీ?" అంది. తప్పేమీ చేయలేదు. 25వ డ్యూటీ జూన్ 25 రాత్రి 11:50కి మొదలైంది. దానికి ఒక సోల్ కలిపితే జూన్ 27, రాత్రి 12:29. జూన్ 26న డ్యూటీ మొదలవదు. మీ పట్టికలో ఏ తారీఖూ ఎగిరిపోకపోతే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట.

అంకె సరిగ్గా వాడారా లేదా అన్నది 36 సోల్‌ల తర్వాత తెలుస్తుంది. జూలై 8 ఉదయం 7:45 రావాలి. సులువుగా ఉంటుందని 40 నిమిషాలు కలిపితే సరిగ్గా 8 వస్తుంది, పావుగంట తేడా. 37 నిమిషాల 22 సెకన్లు కలిపితే 6:25 వస్తుంది.

2012లో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద దిగాక బృందం మొదటి 90 సోల్‌లు ఇలాగే పనిచేసింది. పట్టపగలు నిద్రపోవడానికి కిటికీలకు మందపాటి నల్లటి తెరలు కట్టుకోవాల్సి వచ్చేది. తర్వాత పగటి డ్యూటీకి మారారు. మన పట్టికలో అర్ధరాత్రి పడే రోజుల్లో ఫొటోలు వచ్చేదాకా ఆగకుండా, రెండేసి సోల్‌ల పనులు ముందే రాసి పంపేస్తారు.