దసరా, సిరిమాను మధ్య పడిన స్ప్రింట్: బర్న్‌డౌన్ చార్ట్ దగ్గర జాగ్రత్తలు

విజయనగరంలో ఉండి సాఫ్ట్‌వేర్ పని చేసే టీమ్‌లకు ఏడాదిలో కష్టమైన స్ప్రింట్, అంటే ఇంత పని అని ముందే ఒప్పుకుని చేసే కొద్ది వారాల విడత, దసరాకి వస్తుంది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర, దానికి ముందురోజు తొలేళ్ళ ఉత్సవం. సిరిమాను నాడు ఊళ్ళో ల్యాప్‌టాప్ తెరిచేవాళ్ళు ఉండరు, తెరిచినా కోట చుట్టుపక్కల జనంలో ఆఫీసుకి చేరలేరు. పైగా అది తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఇలాంటి స్ప్రింట్‌లో బర్న్‌డౌన్ చార్ట్‌ని మామూలుగా చూస్తే మోసపోతాం. కాబట్టి మొదలెట్టకముందే కొన్ని చూసుకోవాలి.

చార్ట్ గురించి రెండు ముక్కలు. కింద రోజులు, పక్కన మిగిలిన పని. మొదటి రోజు మొత్తం నుంచి చివరి రోజు సున్నా దాకా ఒక ఆదర్శ గీత ఉంటుంది. నిజంగా మిగిలిన పని దాని పైన ఉంటే వెనకబడ్డాం, కింద ఉంటే ముందున్నాం. స్టోరీ, అంటే స్ప్రింట్‌లోని ఒక్కో పని, పూర్తిగా అయిపోయి బోర్డులో చివరి కాలమ్‌కి వెళ్తేనే గీత దిగుతుంది. తొంభై శాతం అయిందన్నా చార్ట్‌కి అది సున్నాయే.

ముందుగా సెలవులు. పనుల బోర్డుకి జిరా వాడేవాళ్ళు బోర్డు సెట్టింగ్స్‌లో `Working days` దగ్గర దసరా, సిరిమాను తేదీలు సెలవు రోజులుగా పెట్టాలి. పెట్టకపోతే ఆదర్శ గీత సెలవు రోజున కూడా దిగుతూనే ఉంటుంది, శుక్రవారం చూసేసరికి లేని వెనకబాటు కనిపించి అనవసరంగా టెన్షన్ పడతాం. అయితే ఒక్కొక్కరి వ్యక్తిగత సెలవు ఆ గీతకి తెలియదు. దాన్ని మనమే లెక్కేసుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అయిదుగురి టీమ్. పలాస జీడిగింజల వ్యాపారులకు ఒక యాప్: గోదాములో బస్తాలు తూచగానే తూకం చీటీ రైతు ఫోన్‌కి మెసేజ్‌గా వెళ్ళాలి. స్ప్రింట్ లక్ష్యం అదే. రెండు వారాలు, సోమవారం మొదలు. పని ఎంత పెద్దదో అంచనా వేసి పాయింట్లు ఇస్తారు, మామూలుగా పదిరోజుల్లో 40 పాయింట్లు చేస్తారు. అంటే ఒక మనిషి రోజుకి 0.8. ఈసారి మొదటి గురువారం దసరా, రెండో మంగళవారం సిరిమాను, మిగిలింది ఎనిమిది పనిరోజులు. దసరా మర్నాడు శుక్రవారం ఇద్దరు రారు, తొలేళ్ళ నాడు ఇద్దరు రారు. మొత్తం 36 మనిషిరోజులు. 0.8తో గుణిస్తే 28.8. కాబట్టి 28 పాయింట్లకి మించి ఒప్పుకోకూడదు. కానీ రోజులు మాత్రం లెక్కేసి 32 తీసుకున్నారు. ఇది చాలా టీమ్‌లలో జరిగేదే. సెలవులు తీసేశాం కదా, ఇంకేంటి అనుకుంటారు.

శుక్రవారం సాయంత్రం చార్ట్‌లో మిగిలిన పని 27. ఎనిమిదింటిలో నాలుగు పనిరోజులు అయ్యాయి, ఆదర్శ గీత 16 దగ్గరుంది. చూడగానే నాలుగు రోజుల్లో అయిదు పాయింట్లే చేశారా అనిపిస్తుంది. ఇక్కడే తొందరపడకూడదు. స్ప్రింట్ మధ్యలో ఏం చేరిందో ముందు చూడాలి. తూకం చీటీలో పైసలు రౌండ్ చేసే దగ్గర తప్పు బయటపడి, మూడు పాయింట్ల పని చేర్చారు. అంటే పూర్తయింది 8: రైతు లాగిన్ 3, తూకం ఎంట్రీ 5. గీత పైకి లేచిన చోట కొత్త పని చేరింది. అడ్డంగా సాగిన చోట పని ఆగిందో, చేసినదీ చేరినదీ సరిపోయాయో గీత చెప్పదు. చార్ట్ కింద వచ్చే పట్టికలో స్టోరీవారీగా చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత టెస్టింగ్‌లో ఏముందో అడగాలి. 8 పాయింట్ల మెసేజ్ స్టోరీ అక్కడుంది. ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే టెస్టర్, "అన్నా, టెంప్లేట్ అప్రూవల్ వచ్చింది, అన్ని నంబర్లకీ వెళ్తోంది, ఒక్క కంపెనీ సిమ్‌లకి మాత్రం తెలుగు అక్షరాలు పెట్టెల్లా పడుతున్నాయి" అంటుంది. ఇది మంచి కబురే. మిగిలింది మన చేతిలో ఉన్న పని, మహా అయితే రెండు పాయింట్ల శ్రమ. అదే అప్రూవల్ ఇంకా రాలేదు అంటే కథ వేరు. మన దేశంలో కంపెనీలు పంపే మెసేజ్ టెంప్లేట్లు ముందుగా టెలికాం ఆపరేటర్ల డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదు కావాలి. అది ఆగితే మనవాళ్ళు రాత్రంతా కూర్చున్నా గీత ఒక్క పాయింటు దిగదు. అప్పుడు ఆ 8ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఇప్పుడు ముందున్న బలం. సోమవారం ముగ్గురు, తర్వాత బుధ, గురు, శుక్రవారాలు అయిదుగురూ: 18 మనిషిరోజులు, సుమారు 14 పాయింట్ల శ్రమ. అందులో రెండు మెసేజ్ స్టోరీ ముగించడానికి పోతే 12 మిగిలింది. మెసేజ్ స్టోరీ 8, ఈ 12 కలిపి 20 పూర్తవుతాయి. చార్ట్‌లో ఉన్నది 27. అంటే కనీసం 7 తీసేయాలి. వర్షంతో కరెంటు పోతుందనే అనుమానం ఉంటే ఇంకో మూడు తీయడానికి సిద్ధంగా ఉంచుకోవాలి.

ఏది తీయాలి? మిగిలినవి నెట్ లేనప్పుడు ఎంట్రీ దాచడం 5, నెలవారీ రిపోర్ట్ 8, భాష మార్చే బటన్ 3, రౌండింగ్ తప్పు 3. "ఏది తేలిక" అన్న ప్రశ్నతో మొదలుపెడితే బటన్ ఉండిపోతుంది, రౌండింగ్ పోతుంది. ప్రశ్న అది కాదు. ఇది లేకపోతే రైతుకి సరైన తూకం చీటీ వెళ్తుందా లేదా? రౌండింగ్ సరిచేయకపోతే చీటీలో డబ్బు తప్పు పడుతుంది, అది ఉండాలి. గోదాముల్లో సిగ్నల్ అంతంత మాత్రమే కాబట్టి నెట్ లేని ఎంట్రీ కూడా ఉండాలి. రిపోర్ట్ నెలాఖరుకి గానీ ఎవరూ అడగరు, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు కూడా. అదే పోవాలి. సగం చేసిన పనికన్నా మొదలెట్టని పని తీయడం మేలు, చేసిన శ్రమ వృథా కాదు.

ఇది టీమ్ ఒక్కటే తేల్చేది కాదు. ఏ పని ముందో తేల్చే ప్రొడక్ట్ ఓనర్‌తో శుక్రవారమే మాట్లాడాలి. సిరిమాను వెళ్ళాక చెబితే ఆయన వ్యాపారులకి మాట ఇచ్చేసి ఉంటాడు. ఇంకో మాట, టెస్టింగ్‌ని తగ్గించి గీత దించడం, స్ప్రింట్ మధ్యలో 8ని 5 చేయడం, స్టోరీని చీల్చి సగం అయిపోయిందని చూపడం, ఇవేవీ వద్దు. చార్ట్ బాగుంటుంది గానీ, తప్పు చీటీ పలాసలో రైతు చేతికి వెళ్తుంది.

రిపోర్ట్ స్టోరీని స్ప్రింట్ నుంచి తీసేయగానే చార్ట్ 27 నుంచి 19కి పడుతుంది. చూసినవాళ్ళు టీమ్ పరుగెత్తిందనుకుంటారు. స్ప్రింట్ నోట్‌లో "8 తీసేశాం, చేయలేదు" అని రాసి పెట్టండి.

మళ్ళీ బుధవారం సాయంత్రం చూడాలి. తొలేళ్ళ నాడు, బుధవారం పని సాఫీగా సాగి ఉంటే మెసేజ్ స్టోరీ, రౌండింగ్ రెండూ ముగిసి చార్ట్ 8 దగ్గర ఉండాలి. మెసేజ్ స్టోరీ ఇంకా టెస్టింగ్‌లోనే ఉంటే గీత 16 దగ్గరే ఆగుతుంది. అప్పుడు ఆలోచించకుండా భాష బటన్ తీసేసి, అది చేయాల్సిన మనిషిని కూడా టెస్టింగ్‌కి కూర్చోబెట్టాలి.